ఎల్‌ఈడీ బల్బు మెడలో ఏముంది?

మా బాత్రూంలో గాజు డోమ్ లోపల బిగించిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పద్నాలుగో నెలలో పోయింది. అదే రోజు కొన్న దాని జత బల్బును వరండాలో ఉత్త హోల్డర్‌కు పెట్టాం. అది మాత్రం ఇప్పటికీ వెలుగుతోంది. కంపెనీ ఒకటే, ధర ఒకటే, రోజుకు వెలిగే గంటలూ ఇంచుమించు ఒకటే. అయినా ఒకటి పోయి ఇంకొకటి నిలిచిందంటే ఎక్కడో కారణం ఉండాలి కదా. పోయినదాన్ని చెత్తలో వేయబుద్ధి కాక, మా వీధి చివర మోటార్లు రివైండింగ్ చేసే ఆయన దగ్గరకు పట్టుకెళ్లాను.

ఆయన బల్బు మీది తెల్లటి టోపీని స్క్రూడ్రైవర్‌తో సుతారంగా ఊడదీశాడు. లోపల బొట్టుబిళ్లంత పెద్దది కాదు గానీ రూపాయి బిళ్లకు రెండింతలుండే అల్యూమినియం పలక ఒకటి, దాని మీద గుండ్రంగా పేర్చిన పసుపు చుక్కలు. వెలుగిచ్చేవి ఆ చుక్కలే. వాటినే చిప్పులంటారు. టెస్టర్ ముల్లులు ఆనించి ఒక్కొక్కదాన్నీ వెలిగించి చూశాడు. అన్నీ వెలిగాయి. తర్వాత పలకను పైకి లేపి, దాని కింద బల్బు మెడలో ఇరికించి ఉన్న చిన్న బోర్డును బయటికి లాగాడు. ఆ బోర్డు మీద చిటికెన వేలి కొనంత గొట్టం ఒకటి ఉంది. దాని తల కొంచెం ఉబ్బి ఉంది.

"చిప్పులన్నీ బతికే ఉన్నాయి సార్. పోయింది ఇదొక్కటే," అన్నాడు గోటితో ఆ ఉబ్బును తడుముతూ. "కండెన్సర్. దీన్ని వేడి చంపేసింది."

ఆ మెడలో ఉన్న బోర్డు పేరే డ్రైవర్. బల్బు గుయ్యిమన్నా, రెపరెపలాడినా, తొందరగా పోయినా చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. కొనేటప్పుడు మనం వాట్లు చూస్తాం, వెలుగు చూస్తాం, ధర చూస్తాం. డ్రైవర్ కంటికి కనబడదు కాబట్టి ధర తగ్గించాలనుకున్న తయారీదారు మొదట చెయ్యి పెట్టేది దాని మీదే.

ముందు డ్రైవర్ చేసే పనేమిటో చూద్దాం. ఒక తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు చాలు. మన గోడలోంచి వచ్చేది 230 వోల్టులు. అదైనా స్థిరంగా ఉండదు. సెకనుకు 50 సార్లు ఇటూ అటూ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ రెండుమార్లు సున్నాకు దిగుతుంది. అంటే సెకనుకు 100 సార్లు మన కరెంటులో ఏమీ ఉండదు. మళ్లీ ప్రతి అలా శిఖరానికి చేరినప్పుడు 325 వోల్టులు ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బుకు ఇది ఇబ్బంది కాలేదు. ఎర్రగా కాలిన తీగ ఆ రెప్పపాటు ఖాళీలో పూర్తిగా చల్లారదు కనుక వెలుగు సాగుతూనే ఉంటుంది. ఎల్‌ఈడీకి అలాంటి వేడి నిల్వ లేదు. కరెంటు ఆగిన క్షణమే ఆరిపోతుంది. పైగా వోల్టేజీ కాస్త పెరిగితే చాలు, దానిలో పారే కరెంటు చాలా ఎక్కువగా పెరిగి చిప్పు మాడిపోతుంది. అందుకని డ్రైవర్ రెండు పనులు చేయాలి. సున్నాకు దిగే ఆ ఖాళీలను పూడ్చాలి. బయట వోల్టేజీ ఎలా మారినా చిప్పుల్లోకి ఒకే కొలత కరెంటు పంపాలి.

మొదటి పని చేసేది ఆ ఉబ్బిన గొట్టం, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. మేడ మీది నీళ్ల ట్యాంకు లాంటిదే అది. కుళాయి వచ్చినప్పుడు నిండుతుంది, రానప్పుడు తనలోంచి ఇస్తుంది. కింద పంపు తిప్పినవాడికి తేడా తెలియదు. అయితే ఈ ట్యాంకులో ఒక ద్రవం ఉంటుంది, వేడికి అది కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది. కెపాసిటర్ ఒంటి మీద దాని ఆయుష్షును తెలిపే ఉష్ణోగ్రత ముద్రించి ఉంటుంది, సాధారణంగా 105 డిగ్రీలు. మామూలు రకానికి ఆ 105 డిగ్రీల దగ్గర తయారీదారు హామీ ఇచ్చేది 2000 గంటలు. అక్కడి నుంచి వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క.

మా రెండు బల్బులకు ఈ లెక్క వేసి చూశాను. గాలి ఆడని గాజు డోమ్‌లో బల్బు మెడ లోపల వేడి 105 డిగ్రీల దాకా పోయిందనుకుందాం. 2000 గంటలు. రోజుకు 5 గంటలు వెలిగితే 400 రోజులు, అంటే పదమూడు నెలలు. వరండాలో గాలి తగులుతూ అదే బల్బు లోపల 85 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే రెండుసార్లు రెట్టింపై 8000 గంటలు, అంటే 1600 రోజులు. నాలుగేళ్లు దాటుతుంది. నేను వేసుకున్న ఉష్ణోగ్రతలు అంచనాలే, కానీ 20 డిగ్రీల తేడా ఒకే బల్బును ఏడాది బల్బుగానూ నాలుగేళ్ల బల్బుగానూ మార్చగలదన్నది మాత్రం నిజం. మన ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నమంతా కాగిన స్లాబు కింద, గది వేడే 40 డిగ్రీల దగ్గరుంటుంది. బల్బుల పరీక్షలు మామూలుగా 25 డిగ్రీల గదిలో జరుగుతాయి.

అట్టపెట్టె మీద వేసే 25,000 గంటల సంగతీ ఇక్కడే అర్థమవుతుంది. రోజుకు 5 గంటల చొప్పున అది పదమూడున్నరేళ్లు. ఆ అంకె ప్రధానంగా చిప్పుల వెలుగు మొదటున్న దానిలో 70 శాతానికి పడిపోవడానికి పట్టే కాలాన్ని బట్టి వచ్చింది. చిప్పులకు నిజంగానే ఆ ఓపిక ఉంటుంది. మెడలోని కెపాసిటర్ అంత దూరం వాటి వెంట నడవగలదా అన్నది ఆ అంకెలో లేదు.

ఎండిపోతున్న కెపాసిటర్ చెప్పకుండా పోదు. నిశ్శబ్దంగా ఉండే బల్బు కొత్తగా గుయ్యిమనడం, స్విచ్ వేశాక ఒకటి రెండు సెకన్లు తటపటాయించి వెలగడం, వెలుగు సన్నగా వణకడం అన్నీ దాని గుర్తులే. ట్యాంకు చిన్నదైపోతోంది, ఖాళీలు పూడటం లేదు.

ఇంతవరకూ చెప్పింది సరైన డ్రైవర్ ఉన్న బల్బు గురించి. దాన్ని స్విచింగ్ డ్రైవర్ అంటారు. అందులో ఒక చిన్న ఐసీ, రాగి తీగ చుట్టిన ఫెర్రైట్ కాయిలు ఉంటాయి. కరెంటును సెకనుకు వేల సార్లు కోసి, కావలసినంతే చిప్పులకు పంపుతుంది. బాగా చవకగా దొరికే బల్బుల్లో చాలావాటికి ఈ కాయిలే ఉండదు. చిప్పులున్న పలక మీదే ఒక బుల్లి ఐసీని అతికించి, మెడను ఖాళీగా వదిలేస్తారు. దుకాణాల్లో దీన్ని డీఓబీ అంటారు, డ్రైవర్ ఆన్ బోర్డ్ అన్నమాట.

ఈ డీఓబీ పనితీరును ఒక ఉదాహరణతో చెప్తాను, ఎందుకంటే మన ఊళ్లలో కనబడే సగం జబ్బులకు ఇదే మూలం. చిప్పులన్నిటినీ వరసగా కలిపితే వెలగడానికి మొత్తం 280 వోల్టులు కావాలనుకోండి. కరెంటు అల 325కు ఎగబాకినప్పుడు 280 చిప్పులకు పోతుంది, మిగిలిన 45ను ఐసీ తన ఒంట్లో వేడిగా మార్చేస్తుంది. అల 280 కంటే కిందికి దిగగానే చిప్పులు ఆరిపోతాయి. పక్కన కెపాసిటర్ పెట్టకపోతే బల్బు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఇప్పుడు సాయంత్రం లోడు పెరిగి ఇంట్లో వోల్టేజీ 180కి పడిందనుకోండి. అల శిఖరమే 254. చిప్పులకు కావలసిన 280 ఏ క్షణానా రాదు. బల్బు దాదాపు ఆరిపోతుంది. అదే రాత్రి లోడు తగ్గి 260 అయిందా, శిఖరం 368. ఐసీ మింగాల్సిన మిగులు 45 నుంచి 88కి, ఇంచుమించు రెట్టింపుకి చేరుతుంది. ఆ వేడి కూడా చిప్పులున్న పలక మీదే కాబట్టి వాటినీ కాలుస్తుంది. పక్కింటి బోరు మోటారు వేసినప్పుడల్లా లైటు కునుకు తీసి లేస్తుందంటే మీ బల్బు ఈ జాతిది కావచ్చు. మంచి స్విచింగ్ డ్రైవర్ ఉన్న బల్బుకు 180 అయినా 260 అయినా ఒకే వెలుగు ఉంటుంది.

డీఓబీకి న్యాయం కూడా చేయాలి. ఎండిపోయే కెపాసిటర్ లేని డీఓబీలో ఎండి చచ్చే వస్తువే లేదు. వోల్టేజీ నిలకడగా ఉన్నచోట, మెట్ల కింద, సామాన్ల గదిలో అది బాగానే పనిచేస్తుంది. పిల్లలు చదువుకునే బల్ల మీద మాత్రం నేను పెట్టను.

దీనికంటే నాసిరకం ఇంకొకటుంది. ఒక ఫిల్మ్ కెపాసిటర్‌ను వరసలో పెట్టి దాని అడ్డంకితోనే కరెంటును తగ్గిస్తారు. అర వాటు బెడ్‌లైటుకు అది చాలు. 7, 9 వాట్ల బల్బులో పెడితే కరెంటును అదుపు చేసేవాళ్లే ఉండరు. వోల్టేజీ పెరిగితే చిప్పుల్లో కరెంటూ పెరుగుతుంది, పిడుగు దూరంగా పడినప్పుడు వచ్చే పదునైన పోటు నేరుగా చిప్పులకే తగులుతుంది.

ఇక గుయ్యిమనే చప్పుడు. స్విచింగ్ డ్రైవర్ కోతలు మన చెవికి అందనంత వేగంగా జరుగుతాయి, కాబట్టి అది వినబడకూడదు. కానీ లోపలికి వచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతున్నప్పుడు కాయిలు చుట్లు, ఫెర్రైటు ముక్కలు ఆ తాళానికి అదురుతాయి. మంచి తయారీలో కాయిలును వార్నిష్‌లో ముంచి, ఫెర్రైటుకు జిగురు పెట్టి కదలకుండా చేస్తారు. మోటారు రివైండింగ్‌లో చుట్లకు వార్నిష్ పట్టించడం మా వీధి ఆయన రోజూ చేసే పనే. "ఆ ఒక్క చుక్క జిగురు మిగుల్చుకున్నాడు సార్," అన్నాడు. చప్పుడు ఒక్కటే ఉంటే ప్రమాదం లేదు. అయితే చప్పుడు బల్బుదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. బల్బును వేరే హోల్డర్‌కు మార్చండి. చప్పుడు బల్బు వెంట వెళితే తప్పు డ్రైవర్‌ది. పాత హోల్డర్ దగ్గరే ఉండిపోయి, పైగా చిటపటమంటుంటే హోల్డర్ లోపలి స్ప్రింగు పట్టు వదిలింది, అక్కడ నిప్పురవ్వలు లేస్తున్నాయి. అది ఆ రోజే మార్పించాల్సిన పని. డిమ్మర్‌కు పనికిరాని బల్బును డిమ్మర్ ఉన్న స్విచ్‌కు తగిలించినా గుయ్యిమంటుంది, అది బల్బు తప్పు కాదు.

రెపరెపల్లోనూ బల్బు తప్పు కానిది ఒకటుంది. స్విచ్ కట్టేశాక కూడా చీకట్లో బల్బు మినుకుమినుకుమంటుందనీ, కొన్ని సెకన్లకోసారి చటుక్కున మెరుస్తుందనీ చాలామంది భయపడతారు. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా అతి కొద్ది కరెంటు బల్బుకు చేరుతూనే ఉంటుంది. డ్రైవర్‌లోని కెపాసిటర్ దాన్ని చుక్కచుక్కగా పోగుచేసుకుని, నిండగానే ఒక్కసారి వెలిగిస్తుంది. ఇండికేటర్ లేకపోతే మాత్రం వైరింగ్ చూపించాలి. స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు కలిపి ఉండొచ్చు. అలాంటప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకు షాక్ కొడుతుంది.

వెలుగుతూ ఉండగా కాసేపటికి ఆరి, చల్లారాక మళ్లీ వెలిగే బల్బు ఉందంటే వరసలో ఒక చిప్పు కాళ్లు వదులుతోందని. వేడికి అతుకు విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. చిప్పులన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు కనుక ఒకటి తెగితే మొత్తం ఆరుతుంది. కొద్ది రోజుల్లో ఆ చిప్పు మధ్య నల్ల చుక్క పడుతుంది. దాన్ని తప్పించి తీగతో కలిపేసే చిట్కా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. నేను దాన్ని ఎవరికీ చెప్పను. ఒక చిప్పు తగ్గితే ఆ వోల్టులు డీఓబీలో ఐసీ నెత్తిన పడతాయి. అంతకు మించి, ఈ బల్బుల్లో ఎక్కువ భాగం లోపలి భాగాలకు నేరుగా మెయిన్స్ తగిలి ఉంటుంది. టోపీ తీసిన బల్బును హోల్డర్‌లో పెట్టి ముట్టుకోవడమంటే తెగిన తీగను ముట్టుకోవడమే. హోల్డర్‌లోంచి తీసినా కెపాసిటర్‌లో 300 వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి.

మరి దుకాణంలో డ్రైవర్‌ను విప్పకుండా ఎలా అంచనా వేయాలి? నేను రెండే చూస్తాను. మొదటిది పెట్టె మీద వోల్టేజీ పరిధి. 100 నుంచి 300 వోల్టులని ఉంటే లోపల స్విచింగ్ డ్రైవర్ ఉండే అవకాశం ఎక్కువ. 220 నుంచి 240 అని మాత్రమే ఉంటే, లేదా అసలేమీ లేకపోతే, పైన చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోండి. రెండోది ఫోను. దుకాణం టెస్ట్ బోర్డులో బల్బు వెలిగించమని, కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి బల్బుకు దగ్గరగా పట్టుకోండి. వెలుగు ధగధగా కొట్టుకుంటున్నా, తెర మీద నల్ల పట్టీలు పారుతున్నా ఖాళీలు పూడటం లేదని అర్థం. స్థిరంగా ఉంటే కెపాసిటర్ సరిపోయినంత ఉంది. పరిధి విశాలంగా ఉండి, ఫోనులో పట్టీలు కనబడని బల్బులో సరైన డ్రైవర్ ఉందని చాలావరకు నమ్మవచ్చు. ఫోను లేకపోతే బల్బు కింద పెన్నును అటూ ఇటూ వేగంగా ఊపండి. మంచి వెలుగులో అది పొగలా చెరిగి కనబడుతుంది, రెపరెపలాడే వెలుగులో విడివిడి పెన్నుల వరస కనబడుతుంది.

ఆ రెపరెప కంటికి తెలియదు కదా, పట్టించుకోవడం ఎందుకని అడగొచ్చు. కొందరికి తలనొప్పి, కళ్లు లాగడం దానివల్లే వస్తాయి. ఐట్రిపులీ సంస్థ 2015లో ఇచ్చిన సిఫారసు ప్రకారం సెకనుకు 100 సార్లు జరిగే రెపరెపలో వెలుగు హెచ్చుతగ్గులు 8 శాతం లోపుంటే ముప్పు తక్కువ. కెపాసిటర్ లేని డీఓబీలో వెలుగు దాదాపు సున్నాకు దిగుతుంది. రివైండింగ్ షాపులో దీనికి ఇంకో కోణం కూడా ఉంది. అలాంటి వెలుగులో తిరుగుతున్న గ్రైండరు చక్రం ఆగినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనబడొచ్చు. ఆయన తన బల్ల మీద బల్బును ఫోనుతో చూడకుండా పెట్టడు.

పవర్ ఫ్యాక్టర్ 0.9 దాటితే మంచి డ్రైవరని చెబుతుంటారు, అది సగమే నిజం. కెపాసిటర్ లేని డీఓబీకి కూడా మంచి పవర్ ఫ్యాక్టర్ వస్తుంది. బరువు కూడా అంతే, కొంత చెబుతుంది, మోసం కూడా చేస్తుంది. బల్బు ఒళ్లు చల్లగా ఉండటాన్ని మెచ్చుకోవడం మాత్రం పొరపాటు. ఒళ్లు గోరువెచ్చగా ఉందంటే లోపలి వేడి బయటికి వస్తోందని. ఉత్త ప్లాస్టిక్ ఒళ్లు వేడిని బయటికి రానివ్వక చల్లగా కనబడవచ్చు. బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16102 అంకె, R- తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో, రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుతోందో తెలుస్తుంది. అది భద్రతకు హామీ. దీర్ఘాయువుకు కాదు.

దుబాయిలో పనిచేసి వచ్చినవాళ్లెవరైనా మీ ఊళ్లో ఉంటే దుబాయ్ ల్యాంప్ గురించి విని ఉంటారు. 2016లో ఫిలిప్స్ అక్కడి మునిసిపాలిటీతో కలిసి తెచ్చింది. 3 వాట్లతో పాత 60 వాట్ల బల్బు వెలుగు, వాటుకు 200 ల్యూమెన్లు. ఇంత వెలుగు రావడానికి కిటుకు తేలికైనదే. చిప్పులు ఎక్కువ పెట్టి, ఒక్కొక్కదానిలోకి చాలా తక్కువ కరెంటు పంపారు. అలా నడిపిన చిప్పు కాగదు, దాని పక్కనున్న డ్రైవరూ కాగదు. మన చవక బల్బులో జరిగేది దీనికి తలకిందులు. తొమ్మిది చిప్పులతో పద్దెనిమిదింటి పని చేయించాలని డ్రైవర్ కరెంటు పెంచి ఉంచుతారు. దుకాణంలో వెలిగించి చూపినప్పుడు కళ్లు జిగేల్మంటాయి, ఆ ఖర్చు ఏడాది తర్వాత మనం చెల్లిస్తాం.

అందుకే ఇప్పుడు మా బాత్రూం డోమ్‌లో 9 వాట్లది తీసేసి అదే పెద్ద ఒంటి 5 వాట్ల బల్బు పెట్టాను. వేడి దాదాపు సగమైంది, డోమ్ మూతకూ కప్పుకూ మధ్య వేలెడు సందు వదిలాను. మెడ మీద మార్కరుతో పెట్టిన తేదీ రాశాను, బిల్లును ఫోటో తీసి పెట్టుకున్నాను. పెట్టె మీద రెండేళ్ల వారంటీ అని ఉంది. ఇంతకుముందుది పోయినప్పుడు కూడా వారంటీ మిగిలే ఉందట, బిల్లు లేక ఊరుకోవాల్సి వచ్చింది.